ఐదో ప్రశ్నలో తగ్గిన మార్కుల గురించి మేడమ్ గారికి లేఖ

తేదీ: మార్చి 12

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. నేను బి.ఎస్సీ (ఎంపీసీ) రెండో సెమిస్టర్, క్రమ సంఖ్య 27, కీర్తనను. సోమవారం మీరు ఇచ్చిన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మిడ్ పేపర్‌లో ఐదో ప్రశ్నకు నాకు 15కు 5½ వచ్చాయి. కూడికలో తేడా లేదు. నాలుగు భాగాల పక్కన మీరు వేసిన మార్కులు కలిపితే అంతే వస్తుంది. తప్పు చేసిన చోట మార్కులు పోవడం న్యాయమే. కానీ ముఖ్యంగా రెండు చోట్ల ఎందుకు పోయాయో ఇంట్లో మళ్లీ చేసి చూసుకున్నా తెలియలేదు. అందుకే అడుగుతున్నాను. మార్కులు కలపమని అడగడం నా ఉద్దేశం కాదు. ఎండ్ సెమ్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే ఏ స్టెప్ ఎలా రాయాలో తెలిస్తే చాలు.

క్లాసులో అందరి పేపర్లు మీ దగ్గర ఉంటాయి కాబట్టి నా జవాబు వెతుక్కోనక్కరలేకుండా ప్రశ్ననూ నేను రాసిన ముఖ్యమైన లైన్లనూ ఇక్కడే రాస్తున్నాను. ఆ మూడు పేజీల జిరాక్స్ కూడా జత చేశాను.

(ఎ), (బి), (సి) మూడు భాగాలకూ సమీకరణం ఒకటే:

(D² − 4D + 4)y = e^(2x) + 8x²

(ఎ)లో కాంప్లిమెంటరీ ఫంక్షన్ (c₁ + c₂x)e^(2x) రాశాను. 2కు 2 ఇచ్చారు. అందులో అడగాల్సిందేమీ లేదు.

(బి)లో పర్టిక్యులర్ ఇంటిగ్రల్‌కు 5 మార్కులు, నాకు 2½ వచ్చాయి. e^(2x) పక్కన 1½, 8x² పక్కన 1 వేశారు. రెండోదానిలో తప్పు నాదే. నేను రాసింది ఇది:

1/(D − 2)² · 8x² = 2(1 − D/2)⁻² x² = 2(1 + D + D²/4)x² = 2x² + 4x + 1

(1 − t)⁻² విస్తరణ 1 + 2t + 3t² + … కదా. t = D/2 పెట్టినప్పుడు మూడో పదం 3D²/4 కావాలి. నేను tను వర్గం చేసి, ముందున్న 3ను వదిలేశాను. రెండో పదంలో 2t = D సరిగ్గా రావడంతో ఆ పొరపాటు కంటికి ఆనలేదు. సరైన జవాబు 2x² + 4x + 3. Ax² + Bx + C అనుకుని సరిచూశాను. 4A = 8, −8A + 4B = 0, 2A − 4B + 4C = 0 అవుతాయి, A = 2, B = 4, C = 3 వస్తాయి. నా 1ని సమీకరణంలో పెడితే ఎడమ వైపు 8x² బదులు 8x² − 8 వస్తోంది. పరీక్షలో ఆ ఒక్క లైను ప్రతిక్షేపించి చూసుకుని ఉంటే అక్కడే పట్టుకునేదాన్ని.

కాబట్టి దాని గురించి వాదన లేదు. కానీ e^(2x) భాగంలో అర మార్కు ఎందుకు తగ్గిందో తెలియలేదు. నేను నేరుగా (x²/2)e^(2x) అని రాసేశాను, జవాబు సరైనదే. f(2) = 0, f′(2) = 0, f″(2) = 2 అని చూపించకుండా చివరి ఫలితం మాత్రమే రాయడం వల్ల తగ్గించారా? అలాగైతే ఇకపై సూత్రం ఎందుకు విఫలమైందో, ఎన్నిసార్లు xతో గుణించాలో తప్పక రాస్తాను.

నా మొదటి సందేహం (సి) గురించి. y(0) = 5, y′(0) = 9 అయ్యే సాధన కనుక్కోమన్నారు. 4 మార్కులకు సున్నా వచ్చింది. మొత్తం జవాబు మీద ఒకే అడ్డగీత ఉంది. (బి)లో వచ్చిన నా పీఐ తప్పు కాబట్టి ఇక్కడ చివరి జవాబు తప్పవడం సహజమే. అయితే తప్పు పీఐనే తీసుకుని మిగతా పని పూర్తిగా చేశాను:

y = (c₁ + c₂x)e^(2x) + (x²/2)e^(2x) + 2x² + 4x + 1

y(0) = c₁ + 1 = 5, c₁ = 4

y′(0) = c₂ + 2c₁ + 4 = 9, c₂ = −3

సరైన పీఐతో అయితే c₁ + 3 = 5 నుంచి c₁ = 2, తర్వాత c₂ + 4 + 4 = 9 నుంచి c₂ = 1 రావాలి. అప్పుడు జవాబు

y = (2 + x + x²/2)e^(2x) + 2x² + 4x + 3

నేను సీఎఫ్, పీఐ కలిపిన పూర్తి సాధనకే షరతులు వర్తింపజేశాను. సీఎఫ్‌కు మాత్రమే వర్తింపజేసి పీఐని తర్వాత కలిపే పొరపాటు చేయలేదు. లబ్ధ సూత్రంతో చేసిన అవకలనం, రెండు సమీకరణాలు, వాటి సాధన నా y వరకు సరైనవే. నేను రాసిన y రెండు షరతులకూ సరిపోతుంది, సమీకరణానికే సరిపోదు. (బి)లోని తప్పు వల్ల (సి) తేలికైపోయిందా అని కూడా చూశాను. అలా ఏమీ కాలేదు. రెండు స్థిరాంకాలూ కనుక్కోవాల్సిందే, అవకలనం అంతే పొడవు. మారింది ఒక్క స్థిర పదమే.

కాబట్టి నా ప్రశ్న ఇది మేడమ్. ముందు భాగంలోని తప్పు తర్వాతి భాగంలోకి వచ్చినప్పుడు మన వాల్యుయేషన్‌లో స్టెప్ మార్కులు ఇవ్వకూడదా, లేక నా స్టెప్పుల్లోనే నాకు కనిపించని వేరే తప్పు ఉందా? మొదటిదైతే అది పద్ధతి అని అర్థం చేసుకుంటాను. రెండోదైతే ఏ లైనో చెప్పండి, అక్కడి నుంచి మళ్లీ చేస్తాను. రెండూ కాక, 4 మార్కులూ చివరి జవాబుకే పెట్టారంటే అదీ తెలుసుకోవాలనుంది. ఎందుకంటే అలాంటప్పుడు (సి) మొదలుపెట్టే ముందు (బి)ని సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు పెట్టడమే తెలివైన పని.

ఇక (డి). నాకు అసలు అంతుపట్టనిది ఇదే. వేరే సమీకరణం ఇచ్చారు:

x²y″ − 2xy′ + 2y = x³, x > 0

y₁ = x, y₂ = x² ఇచ్చి వేరియేషన్ ఆఫ్ పారామీటర్స్‌తో చేయమన్నారు. 4కు 1 వచ్చింది. వ్రాన్‌స్కియన్ W = x·2x − x²·1 = x² పక్కన టిక్కు ఉంది. ఆ తర్వాత అంతా కొట్టేసి, చివరి లైను కింద గీత గీసి ప్రశ్నార్థకం పెట్టారు.

ముందు నా మీదే అనుమానం వచ్చింది. ఈ పద్ధతిలో ఎక్కువగా జరిగే తప్పు y″ గుణకాన్ని 1 చేయకుండా R = x³ అని తీసుకోవడం కదా. కానీ నేను మొదటి లైనులోనే x²తో భాగించి R = x అని రాశాను. జిరాక్స్ మూడో పేజీ పైన ఉంది. తర్వాత

A = −∫ y₂R/W dx = −∫ x dx, B = ∫ y₁R/W dx = ∫ 1 dx

రెండింటికీ హద్దులు 1 నుంచి x వరకు పెట్టాను. దాంతో A = −(x² − 1)/2, B = x − 1 అయ్యాయి.

y_p = Ax + Bx² = x³/2 − x² + x/2

మీ కీలో పీఐ x³/2 అయి ఉంటుంది. హద్దులు లేకుండా A = −x²/2, B = x తీసుకుంటే అదే వస్తుంది. నాది దానికంటే −x² + x/2 ఎక్కువగా ఉంది. కానీ ఆ అదనపు భాగం y₁, y₂ల కలయికే కాబట్టి సజాతీయ సమీకరణానికి సాధన. నా y_pని నేరుగా ప్రతిక్షేపించి చూశాను:

x²y″ = 3x³ − 2x²

−2xy′ = −3x³ + 4x² − x

2y = x³ − 2x² + x

మూడూ కలిపితే సరిగ్గా x³ వస్తోంది. చివర నేను y = c₁x + c₂x² + x³/2 − x² + x/2 అని రాశాను. (c₁ + ½)నీ (c₂ − 1)నీ కొత్త స్థిరాంకాలుగా తీసుకుంటే అది కీలోని సాధారణ సాధనే అవుతుంది.

నేను రాయాల్సి ఉండీ రాయనివి రెండు ఉన్నాయి. కింది హద్దు 1 ఎందుకు తీసుకున్నానో చెప్పలేదు (x > 0లో ఏ బిందువైనా సరిపోతుంది, సున్నా కాకుండా 1 తీసుకున్నాను, అంతే). x, x² పదాలను c₁, c₂లలో కలిపేసి ఒక లైను రాయనూ లేదు. వేగంగా దిద్దేటప్పుడు కీలో లేని పదాలు కనిపిస్తే తప్పనిపించడం సహజమే. ఈ రెండు లోపాలకూ ఒక మార్కు పోయినా ఒప్పుకుంటాను. మూడూ పోవడానికి ఇంకేదైనా కారణం ఉందా? మన సిలబస్ ప్రకారం ఈ పద్ధతిలో హద్దులు పెట్టకూడదని, స్థిరాంకాలు లేని అనిశ్చిత సమాకలనమే చేయాలని నియమం ఏమైనా ఉంటే, అది నాకు తెలియదు మేడమ్.

నా ప్రశ్నల్లో ముఖ్యమైనది (డి), తర్వాత (సి). (బి)లోని అర మార్కు విషయం మీకు వీలుంటే చెప్పండి, లేకపోయినా పర్వాలేదు. గురువారం మూడో పీరియడ్ తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌కు ముందు నాకు ఖాళీ ఉంది. మీరు స్టాఫ్ రూమ్‌లో ఉండే సమయం చెబితే అసలు పేపర్‌తో వస్తాను. పది నిమిషాలకు మించి తీసుకోను. రావడం కుదరదంటే ఈ జిరాక్స్ మీదే తప్పున్న లైను పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి సీఆర్ చేతికి ఇచ్చినా సరిపోతుంది.

మార్కుల జాబితా ఆఫీసుకు వెళ్లే లోపే అడగాలని ఇంత పొడుగు ఉత్తరం రాశాను. విసిగించి ఉంటే మన్నించండి.

ఇట్లు,
మీ విద్యార్థిని
కీర్తన
బి.ఎస్సీ (ఎంపీసీ), రెండో సెమిస్టర్, క్రమ సంఖ్య 27

జత: ఐదో ప్రశ్న జవాబు జిరాక్స్, 3 పేజీలు