సంక్రాంతికి మన ఇల్లు

బుజ్జమ్మా,

అక్కడ మంచు పడుతోందన్నావు, స్వెటర్ లేకుండా బయటికి వెళ్ళకు. పండక్కి ఇల్లు ఎలా ముస్తాబు చేశామో ఫోటోల్లో సగమే పడింది, అందుకే రాస్తున్నా.

గోడలకి మీ నాన్నగారు దగ్గరుండి రంగులు వేయించారు, గుమ్మం పక్కన నీ ఎత్తు కొలుస్తూ గీసిన పెన్సిల్ గీతలు మాత్రం చెరపనివ్వలేదు నేను, వాటి చుట్టూ బ్రష్ తిప్పలేక పెయింటర్ ఒకటే విసుగు. గడపకి పసుపూ కుంకుమా, పైన మామిడాకులూ బంతిపూలూ మామూలే. వసారాలో కొత్త వరి కంకుల కుచ్చు కట్టాం. మధ్యాహ్నానికే పిచ్చుకలు దిగాయి, కిందంతా పొట్టే!

భోగి నాడు తెల్లారకముందే 21 చుక్కల ముగ్గు మొదలెట్టా, సగంలో నడుం పట్టేస్తే మీ పిన్ని అందుకుంది. దాని గీత కాస్త లావు, చూస్తే నీకే తెలుస్తుంది. గొబ్బెమ్మల మీద మన పాదు గుమ్మడిపూలే పెట్టాం.

బొమ్మల కొలువు పెడుతుంటే నీ కొండపల్లి ఏనుగు తొండం విరిగింది. జిగురుతో అతికించి పై మెట్టు మీదే పెట్టా, ఎవరూ కనిపెట్టలేదులే.

అరిసెలు కొరియర్‌లో పంపా, అందగానే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
అమ్మ