నవంబరు 13 నాటి కంటి అపాయింట్‌మెంటు మార్చమని మనవి

విజయవాడ,
3 నవంబరు 2025, సోమవారం

విషయం: సుబ్బారావు గారు, తెనాలి, ఫైలు నంబరు 4417. ఈ నెల 13 ఉదయం 10.30 అపాయింట్‌మెంటు మార్పు

రిసెప్షన్ వారికి,

నమస్కారం. మా నాన్నగారు సుబ్బారావు గారికి (వయసు 69) ఈ నెల 13, గురువారం ఉదయం 10.30కి మీ దగ్గర రెటీనా డాక్టరు గారి అపాయింట్‌మెంటు ఉంది. ఆ రోజు ఆయన రాలేని పరిస్థితి. దయచేసి వేరే రోజుకు మార్చండి. మాకు వీలైన రోజులు, సమయాలు కింద రాస్తున్నాను. వాటిలో 8వ తేదీ శనివారం దొరికితే అంతకన్నా కావలసింది లేదు.

పొరపాటు మాదే. 13న మా నాయనమ్మ ఆబ్దికం. కిందటి ఏడాది అది నవంబరు 24న వచ్చింది. ఆ తేదీనే మనసులో పెట్టుకుని, పోయిన నెల మీ కౌంటరు దగ్గర 13 అనగానే సరే అన్నాను. తిథికీ తేదీకీ పొత్తు కుదరదని తెలియనిదాన్ని కాదు, పంచాంగం తీసి చూడలేదంతే. కార్తీక బహుళ నవమి ఈసారి పదకొండు రోజులు ముందుగా వచ్చింది. నిన్న పురోహితుడు గారు నాన్నగారికి ఫోను చేసి ఏర్పాట్ల సంగతి అడిగితే గానీ మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పెద్దకొడుకు కాబట్టి కర్త నాన్నగారే. భోక్తల భోజనాలు ముగిసేదాకా ఆయన పచ్చి మంచినీళ్లు ముట్టరు, ఇల్లు కదలరు. అవన్నీ అయ్యాక తెనాలి నుంచి బయలుదేరినా మీ ఓపీ సమయానికి అందుకోలేరు.

ఒక రోజు ముందో, రెండు రోజుల ముందో రావచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నేనూ మొదట అదే అనుకున్నాను. అయితే స్కాన్ చూశాక అవసరమైతే అదే రోజు కంటికి ఇంజెక్షన్ ఇస్తామని డాక్టరు గారు చెప్పి ఉన్నారు. అక్టోబరు 9న ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు, కొన్ని రోజుల పాటు కంట్లో నీళ్లు పడకూడదని, తలస్నానం వద్దని మీ సిస్టరు గారు గట్టిగా చెప్పి పంపారు. ఆబ్దికం నాడు కర్త తలస్నానం చేయకుండా కుదరదు. 11నో 12నో ఇంజెక్షన్ వేయించుకుని, 13 తెల్లవారుజామున బావి దగ్గర నెత్తిన చన్నీళ్లు పోసుకుంటారు మా నాన్నగారు. వద్దని నేను చెబితే వినే మనిషి కారు. అందుకే ఆ రెండు రోజులూ అడగడం లేదు.

మాకు వీలైన సమయాలు ఇవి:

8వ తేదీ, శనివారం. ఇది రెండో శనివారం, మా బ్యాంకుకు సెలవు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాం. చివరి టోకెన్ అయినా ఫరవాలేదు, ఎంతసేపైనా కూర్చుంటాం.

7వ తేదీ, శుక్రవారం. మధ్యాహ్నం 3 తరువాత. నేను ఒక పూట సెలవు పెట్టుకుంటాను.

ఈ రెండూ కుదరకపోతే 15వ తేదీ శనివారం ఉదయం 10 నుంచి 12 మధ్య, లేదా 18వ తేదీ మంగళవారం ఉదయం ఎప్పుడైనా. మధ్యలో 17 సోమవారం ఎందుకు వదిలేశానంటే అది కార్తీక సోమవారం. షుగరు మనిషికి ఉపవాసాలేమిటని ఇంట్లో అందరం పోరుతున్నాం గానీ, ఆ రోజు ఆయన ఏం తింటారో, మాత్రలు ఏ వేళకు వేసుకుంటారో నేను హామీ ఇవ్వలేను. ఖాళీ కడుపుతో తీసుకువచ్చి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఒక్క విషయం మాత్రం డాక్టరు గారిని అడిగి చెప్పమని ప్రార్థన. నాలుగైదు వారాలలో మళ్లీ రావాలని ఆయన చీటీ మీద రాశారు. 13వ తేదీకి సరిగ్గా ఐదు వారాలు నిండుతాయి. 15 అయితే రెండు రోజులు, 18 అయితే ఐదు రోజులు గడువు దాటుతుంది. అంత ఆలస్యం ఫరవాలేదా? ఫరవాలేదని ఆయన అంటేనే ఆ తేదీలు ఇవ్వండి. కాదంటే 7, 8 తేదీలలో ఎలాగైనా ఇరికించమని బతిమాలుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు. ఎడమ కంటి చూపు ఇప్పుడిప్పుడే కాస్త తేరుకుంటోంది. పేపరులో పెద్ద అక్షరాలు చదవగలుగుతున్నానని మొన్న ఆయనే మురిసిపోతూ చెప్పారు.

నాన్నగారిని ఒంటరిగా పంపే వీలుంటే ఇన్ని తేదీలతో మీకు పని పెట్టేదాన్ని కాదు. కంట్లో చుక్కల మందు వేశాక కొన్ని గంటల దాకా ఆయనకు అన్నీ మసకగానే కనిపిస్తాయి. పోయిన ఏడాది ఒకసారి ఒక్కరే వచ్చి, తిరుగు ప్రయాణంలో స్టేషనులో బోర్డు చదవలేక తెనాలి రైలు వదిలేసుకుని, రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నారు. ఆ సంగతి వారం తరువాత గానీ మాకు చెప్పలేదు. అప్పటి నుంచి నేనే వెంట ఉండి తీసుకువస్తున్నాను, తిరిగి దిగబెడుతున్నాను. అందుకే నా సెలవులు కూడా చూసుకోవలసి వస్తోంది.

13వ తేదీకి ఆన్‌లైన్‌లో కట్టిన ఓపీ ఫీజు రూ. 400 కొత్త తేదీకి సర్దుబాటు చేయగలిగితే సంతోషం. మీ నిబంధనల ప్రకారం కుదరదంటే మళ్లీ కడతాను, దాని కోసం తేదీ ఆపవద్దు. ఇంజెక్షన్ మందు ముందుగా తెప్పించి ఉంచవలసి వస్తే, ఏ రోజుకు ఎంత కట్టాలో చెప్పండి, ఆ రోజే పంపిస్తాను. వచ్చేటప్పుడు బీపీ, షుగరు పరీక్షల కొత్త రిపోర్టులు తెస్తాం. రక్తపరీక్ష రేపు ఉదయం తెనాలిలోనే చేయిస్తున్నారు.

13 ఉదయం 10.30 టోకెన్‌ను మాత్రం మా జవాబు కోసం చూడకుండా ఇప్పుడే వేరే వారికి ఇచ్చేయండి. మీ దగ్గర నెల ముందు అడిగితే గానీ దొరకదని నాకు తెలుసు. ఎవరికైనా అక్కరకు వస్తుంది.

పగటిపూట నేను క్యాష్ కౌంటరులో ఉంటాను, ఫోను ఎత్తడం కుదరదు. ఫైలులో ఉన్న నా నంబరుకు వాట్సాప్‌లో ఒక్క మాట రాస్తే చాలు, భోజనం వేళ చూసి వెంటనే ఖాయం చేస్తాను. 7, 8 తేదీలు ఇచ్చేటట్టయితే ఎల్లుండి బుధవారం సాయంత్రంలోగా తెలిస్తే సెలవు అడగడానికి, ఆయనను తెనాలి నుంచి బయలుదేరదీయడానికి వీలుంటుంది. నాన్నగారి ఫోనుకు మాత్రం మెసేజ్ పంపవద్దు, ఆయన చదవలేరు. చదివినా నాకు చెప్పరు.

శ్రమ ఇస్తున్నందుకు మన్నించండి.

నమస్కారాలతో,
సుజాత
(సుబ్బారావు గారి అమ్మాయి)

తా.క.: పోయినసారి మీ దగ్గర మరిచిపోయిన నల్ల కళ్లద్దాలు కౌంటరులో భద్రంగా ఉన్నాయని సిస్టరు గారు చెప్పారట. వచ్చినప్పుడు తీసుకుంటాం.