బాలికల వసతి గృహ స్థలం, విజయనగరం శివారు: నేల పరీక్షల పరిధి, బోర్ల అమరిక

ట్రస్టు భవన నిర్మాణ కమిటీకి, డ్రిల్లింగ్ కాంట్రాక్టరుకు

స్థలం తూర్పు పడమరలుగా 130 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 80 మీటర్లు. పడమటి అంచు కొండ దిగువన మెరకగా ఉంది. తూర్పు అంచు మొన్నటిదాకా వరి పండిన పల్లం. ఇందులో మూడు కట్టడాలు రానున్నాయి: 54 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పుతో అయిదంతస్తుల వసతి గృహం, రేకుల కప్పుతో 24 x 18 మీటర్ల భోజనశాల, లక్ష లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు. కమిటీ మొదట అడిగినది మూడు బోర్లు. అవి ఎందుకు చాలవో, ఎనిమిది ఎందుకు కావాలో కింద రాస్తున్నాను.

నేల గురించి ఇప్పటికి తెలిసినది

ఈ ప్రాంతపు కొండల్లో ఖొండలైటు ఎక్కువ. ఈ రాయి ఒకే తీరున శిథిలం కాదు. ఒకచోట రెండు మీటర్లకే గట్టి రాయి తగులుతుంది, పది అడుగులు జరిగితే పన్నెండు మీటర్లు తవ్వినా మట్టే వస్తుంది. స్థలం పడమటి గట్టున ఒక ముద్ద తీసి చేతిలో నలిపాను. చూడటానికి రాయిలా పొరలు పొరలుగా ఉంది, వేళ్ల మధ్య పిండిలా రాలింది, అరచేతిలో ఎర్రటి గార్నెట్ గింజలు మాత్రం మిగిలాయి. ఎండినప్పుడు ఎంతో గట్టిగా కనిపించే ఈ నేల తడిస్తే బలం కోల్పోతుంది. అందుకే వేసవిలో తీసిన అంకెలను నమ్మి పునాది లెక్క కట్టనివ్వను.

రెండో విషయం గెడ్డ, అంటే చిన్న వాగు. సర్వే పటంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక గెడ్డ గీత ఉంది. నేల మీద దాని జాడ లేదు. పక్క పొలం రైతును అడిగితే, దాన్ని ఎర్రమట్టితో పూడ్చి ఇరవై ఏళ్లు దాటిందని, అంతకుముందు అక్కడ ఎడ్లబండి దిగబడేదని చెప్పారు. పటం కొలత ప్రకారం ఆ గెడ్డ వసతి గృహం తూర్పు కొస కిందుగా వెళుతోంది. అంటే ఒకే భవనానికి ఒక కొన రాతి మీద, రెండో కొన పూడ్చిన మట్టి మీద నిలుస్తుంది. భవనం మొత్తం సమానంగా ఒక అంగుళం దిగితే పెద్ద ప్రమాదం లేదు. ఒక కొన నిలిచి, రెండో కొన దిగితేనే గోడలు, బీములు చీలుతాయి. ఈ కార్యక్రమమంతా ఆ తేడాను ముందే పట్టుకోవడానికే.

బోర్ల స్థానాలు

స్థలం నైరుతి మూల రాయిని సున్నాగా తీసుకుని, ముందు తూర్పుకు, తర్వాత ఉత్తరానికి మీటర్లలో కొలవాలి.

వసతి గృహం: బి.హెచ్-1 (21, 53), బి.హెచ్-2 (40, 47), బి.హెచ్-3 (54, 59), బి.హెచ్-4 (64, 47), బి.హెచ్-5 (72, 59)
భోజనశాల: బి.హెచ్-6 (87, 44), బి.హెచ్-7 (107, 58)
ఓవర్‌హెడ్ ట్యాంకు మధ్య బిందువు: బి.హెచ్-8 (24, 18)

సుమారు 0.4 హెక్టారు స్థలంలో నాలుగు మూలలా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి చాలునన్నది నేల పరీక్షల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1892 సూచన. అయిదు బోర్ల లెక్కను అక్కడి నుంచే తీసుకున్నాను, స్థానాలను మాత్రం మార్చాను. ఇక్కడ నేల వాలు వెంట మారుతోంది కాబట్టి మూలలకు అతుక్కుపోతే మార్పు జరిగే చోటు తప్పిపోతుంది. అందుకే బోర్లను అటూ ఇటూ వంకరగా పేర్చి, గెడ్డ వైపు వెళ్లేకొద్దీ దూరం తగ్గించాను: దాదాపు 20, 18, 16, 14 మీటర్లు.

గెడ్డ అంచులు కచ్చితంగా తెలియడానికి బోర్లే వేయనక్కరలేదు. 53 ఉత్తర రేఖ మీద 52 నుంచి 80 వరకు నాలుగు మీటర్లకు ఒకటి చొప్పున శంకువును సుత్తితో నేలలోకి దించి చూసే డైనమిక్ కోన్ పరీక్షలు ఎనిమిది చేయాలి. ఇవి చవక, త్వరగా అవుతాయి. ట్యాంకు పునాది అంచున మరో రెండు. ప్రహరీ గోడ వెంట రెండున్నర మీటర్ల లోతున మూడు పరీక్ష గోతులు చాలు.

లోతు

వసతి గృహం స్తంభం మీద సుమారు 120 టన్నుల బరువు వస్తుంది. రెండున్నర మీటర్ల వెడల్పు పునాది ఒక్కదాన్నే చూస్తే ఆరు మీటర్ల లోతు సరిపోయినట్టు అనిపిస్తుంది. కానీ స్తంభాలు నాలుగైదు మీటర్లకొకటి ఉన్నాయి. పునాదుల కింది ఒత్తిళ్లు లోతున కలిసిపోయి, భవనం మొత్తం వెడల్పున్న ఒకే పునాదిలా పనిచేస్తాయి. 16 మీటర్ల వెడల్పుకు ఒకటిన్నర రెట్లు 24, పునాది అడుగు 2 మీటర్ల లోతున: మొత్తం 26. గెడ్డ మీదున్న బి.హెచ్-4 అంత లోతుకూ వెళ్లాలి, పైల్ పునాదులు అవసరమైతే ఆ సమాచారమే ఆధారం. మిగతా నాలుగూ 15 మీటర్లు. ఈ అయిదింటిలో దేనిలోనైనా ముందే రాయి తగిలితే అందులో 3 మీటర్ల కోర్, అంటే కడ్డీలా కోసిన రాతి నమూనా, తీసి ఆపవచ్చు.

భోజనశాల తేలిక కట్టడం, 8 మీటర్లు చాలు. అయితే వరి మడిలో ఉబ్బే బంకమట్టి ఉంటే తేలిక కట్టడాన్నే అది పైకి లేపుతుంది కనుక అక్కడ ఫ్రీ స్వెల్ పరీక్ష తప్పనిసరి. ట్యాంకులో నీరే 100 టన్నులు, అదీ 15 మీటర్ల ఎత్తున. కొద్దిగా ఒరిగినా సహించదు. దాని పునాది వెడల్పు 9 మీటర్లు కాబట్టి లోతు 16 మీటర్లు; రాయి ముందే తగిలితే అక్కడా 3 మీటర్ల కోర్ నియమమే.

పని చేసే తీరు

ప్రతి ఒకటిన్నర మీటరుకూ, పొర మారిన ప్రతిచోటా ఎస్.పి.టి., అంటే గొట్టాన్ని నేలలోకి దించడానికి ఎన్ని సుత్తి దెబ్బలు పడతాయో లెక్కించే పరీక్ష, చేయాలి. 63.5 కిలోల సుత్తి, 75 సెంటీమీటర్ల ఎత్తు. ఎత్తును రాడ్డు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి చూడాలి, తాడు పట్టిన మనిషి అలసిపోతే ఎత్తు తగ్గి, దెబ్బల లెక్క పెరుగుతుంది. అప్పుడు బలహీనమైన నేల బలమైనదిగా కాగితం మీదికి ఎక్కుతుంది. గెడ్డలోని మెత్తటి బంకమట్టి నుంచి చెదరని నమూనాలు తీయాలి. నీటిమట్టం కింద వదులు ఇసుక తగిలితే రేణువుల పరిమాణం తేల్చే గ్రాడేషన్ చేయాలి. 2016 నాటి ఐ.ఎస్. 1893 పటంలో ఈ ప్రాంతం భూకంప జోన్ 2లో ఉన్నా, ఇసుక ద్రవీకరణను, అంటే కంపనానికి తడి ఇసుక ద్రవంలా మారడాన్ని, లెక్క కట్టి చూశాకే పక్కన పెడతాను.

ఎన్ని దెబ్బలు వేసినా గొట్టం దిగకుండా నిలిచిపోయినంత మాత్రాన రాయి దొరికిందని ఎవరూ రాయకూడదు. నా మొదటి ఉద్యోగంలో ఒక భవనానికి ఇలాగే రాశారు. తీరా పునాది తవ్వితే అది మట్టి మధ్య ఒంటరిగా ఉన్న బండ, దాని కింద మూడు మీటర్ల మెత్తటి మట్టి. తవ్విన గోతిలో నిలబడి ఆ బండను చూసినప్పటి భయం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఎన్.ఎక్స్. డబుల్ ట్యూబు కోర్ గొట్టంతో మూడు మీటర్ల కోర్ నియమం. మట్టిలో మీటరుకు, రాతిలో మీటరుకు చెల్లింపు ధరలు వేరువేరుగా ఉండాలి. ఒకే ధర పెడితే రాయి తగలగానే బోరు ఆపేయాలన్న ఆశ పుట్టడం సహజం, ఆ తప్పు మనది అవుతుంది.

పక్కపక్క బోర్లలో రాతి మట్టం మూడు మీటర్లకు మించి తేడా వస్తే మధ్యలో మరొకటి వేయాలి. ఇందుకు రెండు అదనపు బోర్లను అంచనాలో చేర్చాను. ఇవి కాకుండా మొత్తం 118 మీటర్లు.

పని వర్షాలు తగ్గుముఖం పట్టే నవంబరులో మొదలవ్వాలి. ప్రతి బోరులో 24 గంటల తర్వాత నీటిమట్టం చూడాలి. బి.హెచ్-2, బి.హెచ్-4లలో చిల్లులున్న గొట్టం దింపి, వచ్చే వేసవి వరకు నెలకోసారి కొలవాలి. మిగతా బోర్లను సిమెంటు, బంకమట్టి కలిపి పూడ్చాలి.

బి.హెచ్-4 ముందు వేయండి. అది పూర్తయిన రోజే నమూనాలు చూడటానికి నేను స్థలానికి వస్తాను, మిగిలిన బోర్ల లోతును ఆ తర్వాత ఖరారు చేద్దాం. కోర్ పెట్టెలను నివేదిక అందగానే పారేయకుండా, పునాది గోతులన్నీ తవ్వి చూసేవరకు స్టోరు గదిలో భద్రపరచాలి.