ఉద్యోగానికి సమ్మతి, 9వ నిబంధనపై విన్నపం

గుంటూరు,
8 జనవరి 2026.

మానవ వనరుల విభాగం మేనేజర్ గారికి,

విషయం: జూనియర్ కెమిస్ట్ (నాణ్యతా పరీక్షల ప్రయోగశాల) ఉద్యోగానికి అంగీకారం, సర్వీసు బాండ్ నిబంధనను సవరించాలని మనవి.
సూచిక: 5 జనవరి 2026 నాటి మీ నియామక పత్రం.

అయ్యా,

మీరు పంపిన నియామక పత్రం సోమవారం అందింది. నన్ను ఎంపిక చేసినందుకు మీకూ, ఇంటర్వ్యూ రోజున నన్ను ప్రయోగశాలంతా దగ్గరుండి తిప్పి చూపించిన సీనియర్ కెమిస్ట్ గారికీ కృతజ్ఞతలు. ఈ ఉద్యోగంలో చేరడానికి నేను సంతోషంగా అంగీకరిస్తున్నాను. సంక్రాంతి సెలవులు ముగిశాక, మీరు కోరినట్లే జనవరి 19వ తేదీ సోమవారం ఉదయం విధులకు హాజరవుతాను. నెలకు 22,000 రూపాయల జీతం, ఆరు నెలల ప్రొబేషన్, నెల రోజుల నోటీసు, సీజన్‌లో షిఫ్టుల్లో పనిచేయడం, పరీక్షా ఫలితాలను గోప్యంగా ఉంచడం, ఇవన్నీ నాకు సమ్మతమే.

9వ నిబంధన దగ్గర మాత్రం ఆగాను. చేరిన రోజు నుంచి రెండేళ్ల లోపు ఏ కారణంతో మానేసినా 1,50,000 రూపాయలు చెల్లించాలని, అందుకు హామీగా ఒరిజినల్ సర్టిఫికెట్లనూ, సంతకం చేసిన ఒక ఖాళీ చెక్కునూ సంస్థ దగ్గర ఉంచాలని అందులో ఉంది. దాన్ని ఇంట్లో నాన్నగారితో కలిసి రెండుసార్లు చదివాను. ఇప్పుడున్న రూపంలో దానిపై సంతకం చేయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. కారణాలను దాచుకోకుండా మీ ముందు ఉంచడమే మర్యాద అనుకుంటున్నాను.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. కొత్త మిరపకాయ యార్డుకు రావడం మొదలయ్యాక ప్రయోగశాలలో ఒక్క మనిషి తగ్గినా నమూనాలు పేరుకుపోతాయి, ఎగుమతి కంటైనర్లు నివేదికల కోసం ఆగిపోతాయి. యూరప్‌కు వెళ్లే మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అంత సూక్ష్మమైన కొలతను నమ్మకంగా చేయగలిగేలా ఒకరిని తయారు చేయడానికి సమయం పడుతుంది. అలా తయారైన మనిషి సీజన్ మధ్యలో మరో కోల్డ్ స్టోరేజీ వారి ప్రయోగశాలకు వెళ్లిపోతే మీకు కష్టమే. నష్టం జరగకుండా చూసుకోవాలన్న మీ ఆలోచనను నేను తప్పు పట్టను. నా అభ్యంతరమల్లా ఆ నష్టాన్ని లెక్కగట్టిన తీరు మీదే.

లక్షా యాభై వేలంటే నాకు దాదాపు ఏడు నెలల జీతం. మొదటి వారంలో మానేసినా, ఇరవై మూడో నెలలో మానేసినా మొత్తం ఒక్కటే. ఇరవై మూడు నెలలు పనిచేసిన మనిషి శిక్షణ ఖర్చును తన పనితోనే తీర్చేసి ఉంటుంది కదా! పైగా నాకు ఇచ్చే శిక్షణలో ఎక్కువ భాగం సీనియర్ల పక్కన నిలబడి నమూనాలు సిద్ధం చేయడం, రంగు విలువ చూడడం, హెచ్‌పీఎల్‌సీ మీద ఘాటు కొలవడం. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం హెచ్‌పీఎల్‌సీ మీద నేను పనిచేశాను, కాబట్టి మొదటి నెల నుంచే మీకు ఉపయోగపడతాను. మీరు నా కోసం విడిగా డబ్బు ఖర్చుపెట్టేది ఒక్క చోటే: పురుగుమందుల అవశేషాల పరీక్షపై హైదరాబాద్‌లో ఇప్పిస్తామన్న వారం రోజుల శిక్షణ.

చట్టం సంగతి కూడా కొంత చదువుకున్నాను. బాండ్ అనేదే చెల్లదని నేను అనడం లేదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, రెండు లక్షల చెల్లింపు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అది సంస్థల పక్షాన నిలిచే తీర్పేనని ఒప్పుకుంటాను. అయితే అక్కడున్నది సీనియర్ మేనేజర్ హోదా, బహిరంగ ప్రకటనతో పోటీ పద్ధతిలో జరిగే నియామకం, ఆ మొత్తాన్ని భరించగల జీతం. కోర్టు వాటిని కూడా లెక్కలోకి తీసుకుంది. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దాన్ని మించకుండా సమంజసమైన పరిహారమే వసూలు చేసుకోవచ్చు. నేను కోరుతున్నది ఆ సమంజసత్వాన్ని ముందే కాగితం మీద పెట్టుకుందామని. రేపు ఎవరికీ వివాదం ఉండదు.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం నేను సర్దుకోలేను. పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా నా చదువంతా ఆ కాగితాల్లోనే ఉంది. అవి పోతే డూప్లికేట్ల కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మీకు తెలుసు. చేరే రోజున ఒరిజినల్స్ తెచ్చి చూపిస్తాను, మీరు సరిచూసుకుని వెంటనే తిరిగి ఇవ్వండి, అటెస్ట్ చేసిన నకళ్లు ఉంచుకోండి. ఖాళీ చెక్కు కూడా ఇవ్వలేను. మొత్తం రాయని చెక్కుపై సంతకం చేయడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, అది మీ మీద అపనమ్మకంగా దయచేసి భావించవద్దు.

9వ నిబంధనకు బదులుగా ఈ వాక్యాలను పరిశీలించమని కోరుతున్నాను:

“ఉద్యోగి చేరిన తేదీ నుంచి పన్నెండు నెలల లోపు తనంతట తానుగా రాజీనామా చేస్తే, ఆమె శిక్షణ కోసం సంస్థ బయటి సంస్థకు చెల్లించిన ఫీజు, ప్రయాణ, వసతి ఖర్చులను రసీదుల ఆధారంగా, మిగిలిన నెలల నిష్పత్తిలో చెల్లించాలి. ఈ మొత్తం ఏ పరిస్థితిలోనూ 30,000 రూపాయలు మించదు. సంస్థే ఉద్యోగం నుంచి తొలగించినప్పుడు, ప్రొబేషన్ తరువాత కొనసాగించనప్పుడు, జీతం రెండు నెలలకు మించి ఆగినప్పుడు, తీవ్ర అనారోగ్యం వల్ల మానేయవలసి వచ్చినప్పుడు ఈ నిబంధన వర్తించదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను గానీ, చెక్కులను గానీ సంస్థ తన దగ్గర ఉంచుకోదు.”

సీజన్ మధ్యలో మనిషి వెళ్లిపోవడమే మీ అసలు భయమైతే, దానికీ ఒక మార్గం ఉంది. ఫిబ్రవరి నుంచి మే వరకు రాజీనామా చేయాల్సి వస్తే నెలకు బదులు రెండు నెలల నోటీసు ఇస్తానని రాసి ఇవ్వడానికి సిద్ధం. మీ పనికి లక్షా యాభై వేల కంటే అదే ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం. అప్పగింతలు పూర్తి చేసి, కొత్తగా వచ్చేవారికి పని చూపించే వెళ్తాను.

నియామక పత్రం రెండో ప్రతిపై సంతకం చేసి దీనితో జతచేశాను. 9వ నిబంధన పక్కన మాత్రం సంతకం పెట్టకుండా “చర్చలో ఉంది” అని రాశాను. మిగిలిన అన్ని నిబంధనలకూ నా అంగీకారం ఉంది. ఈ ఒక్కదానిపై మీ రాతపూర్వక సమాధానం వచ్చాకే నియామకం పూర్తయినట్లు భావిస్తాను. ఫోనులో కంటే ఎదురుగా మాట్లాడుకోవడం మేలనిపిస్తే, జనవరి 12వ తేదీ సోమవారం మీరు చెప్పిన సమయానికి ఆఫీసుకు వస్తాను. పండుగ సెలవుల ముందే తేలితే, చేరే రోజుకు కావలసిన కాగితాలన్నీ నేను సిద్ధం చేసుకోగలను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. శ్రావణి
బ్రాడీపేట, గుంటూరు

జతచేసినవి: సంతకం చేసిన నియామక పత్రం రెండో ప్రతి, ఎమ్మెస్సీ మార్కుల జాబితా, ప్రాజెక్టు ధ్రువపత్రం నకళ్లు.