ఆరో తరగతికి రండి, కూర్చోండి

కూర్చోండి, కూర్చోండి. గుడ్ మార్నింగ్ చాలా బాగా చెప్పారు, పక్క క్లాసు వాళ్లు కూడా లేచి నిలబడి ఉంటారు. బ్యాగులు ఒళ్లో పెట్టుకున్నారేంటి, బస్సులో ఉన్నామా? కింద పెట్టేయండి.

నేను మీ క్లాస్ టీచర్ని, లెక్కలు చెబుతాను. ఆ మాట అనగానే మూడో బెంచీలో ఒకరి మొహం వాడిపోయింది, చూశాన్రా! టెన్షన్ పడకు. చిన్న బడిలో మీకు 3 లోంచి 5 తీసేయలేం అని చెప్పారు కదా, ఈ ఏడాది తీసేస్తాం, ఎలాగో తెలిశాక అప్పు చేసిన వాడి లెక్క కూడా మీరే వేసేస్తారు.

నిన్నటిదాకా ఊళ్లో బడికి మీరే పెద్దవాళ్లు, ఇవాళ ఈ హైస్కూల్లో అందరికంటే చిన్నవాళ్లు, గంట గంటకీ టీచర్లు మారుతుంటే మొదటి వారం కాస్త గజిబిజిగానే ఉంటుంది. నేను ఆరో తరగతిలో చేరిన రోజు దారి తెలియక ఎనిమిదో తరగతిలో కూర్చుని ఒక పీరియడంతా విన్నాను, అడగడానికి సిగ్గేసి. మీరు మాత్రం అడిగేయండి. అర్థం కాకపోతే చెయ్యెత్తండి, పదిసార్లయినా సరే. పక్కవాడు తప్పు చెప్తే నవ్వితే మాత్రం నాకు కోపం వస్తుంది, అది ఇప్పుడే చెప్తున్నా.

పుస్తకాలు ఇంకా రానివాళ్లు రఫ్ నోట్‌బుక్ తెచ్చుకుంటే చాలు. సరే, ఈ చివర నుంచి మొదలుపెడదాం. నీ పేరేంటమ్మా? కొంచెం గట్టిగా.