బాపు రిపోర్టు: "ఇది సరిగ్గా ఉందా అక్కా?"

శ్రీకాంత్ (నర్సంపేట):

అక్కా, బాపు రక్తపరీక్షల రిపోర్టు వచ్చింది. ఫొటో మసకగా వస్తోందని పట్టికగా టైపు చేసి పెట్టాను. ఇది సరిగ్గా ఉందా?

| పరీక్ష | ఫలితం |
|---|---|
| హిమోగ్లోబిన్ (గ్రా./డె.లీ.) | 11.2 |
| ఎర్ర రక్తకణాలు (మిలియన్లు) | 4.9 |
| పీసీవీ (%) | 33.5 |
| ఎంసీవీ | 68.4 |
| న్యూట్రోఫిల్స్ (%) | 62 |
| లింఫోసైట్లు (%) | 38 |
| ఈసినోఫిల్స్ (%) | 5 |
| మోనోసైట్లు (%) | 4 |
| బేసోఫిల్స్ (%) | 1 |
| పరగడుపు షుగర్ (మి.గ్రా.) | 108 |
| హెచ్‌బీఏ1సీ (%) | 6.4 |
| యూరియా (మి.గ్రా.) | 28 |
| క్రియాటినిన్ (మి.గ్రా.) | 11 |
| మొత్తం కొలెస్ట్రాల్ | 212 |
| హెచ్‌డీఎల్ | 38 |
| ట్రైగ్లిజరైడ్లు | 190 |
| ఎల్‌డీఎల్ | 136 |

అక్క (హనుమకొండ):

చూశాను శ్రీకాంత్. జవాబు చెప్పే ముందు ఒకటి తెలియాలి. కాగితంలోని అంకెలను తప్పు లేకుండా ఎక్కించావో లేదో చూడమంటున్నావా? ల్యాబ్ ఇచ్చిన రిపోర్టును నమ్మవచ్చా అని అడుగుతున్నావా? లేక మీ బాపు, అదే మా కాక, ఆరోగ్యం గురించే నీ బెంగా? మొదటిది కాగితం చూస్తే గానీ తేలదు. రెండోది అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో లెక్క వేస్తే కొంతవరకు తెలుస్తుంది. మూడోది డాక్టరు కాకను చూసి చెప్పాల్సిన మాట. నేను ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, ఏం అడగాలో మాత్రం చెప్పగలను.

నువ్వు ఏది అడిగినా ముందు రెండు చోట్ల కాగితం తీసి చూడు. క్రియాటినిన్ 11 ఉన్న మనిషికి యూరియా 28 దగ్గర ఆగదు, అదీ బాగా పెరిగి ఉండాలి. అది 1.1 అయి ఉంటుందని నా అనుమానం. నిజంగానే 11 అని అచ్చయి ఉంటే వెంటనే ఫోన్ చెయ్యి, ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండోది తెల్లకణాల వాటాలు. న్యూట్రోఫిల్స్ నుంచి బేసోఫిల్స్ దాకా అయిదూ కలిపితే 100 రావాలి, ఇక్కడ 110 వస్తోంది.

శ్రీకాంత్:

అక్కా, క్రియాటినిన్ కాగితంలో 1.1 ఉంది. పట్టికలో చుక్క పడలేదు. లింఫోసైట్లు మాత్రం కాగితంలోనే 38 అని ఉంది. నేను అడిగింది మూడోదే. నెల రోజులుగా పొలం గట్టు మీద కాస్త నడిస్తే చాలు బాపు ఆయాసపడుతున్నాడు. వయసు 58 కదా, వయసు వల్లే అంటున్నాడు. గురువారం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపిద్దామనుకుంటున్నాం.

అక్క:

క్రియాటినిన్ తేలింది, సంతోషం. లింఫోసైట్ల సంగతి ల్యాబ్ వాళ్లే తేల్చాలి. శాంపిల్ నంబరు చెప్పి, మొత్తం 110 వస్తోందని అడుగు. అచ్చులో పొరపాటైతే వాళ్ల రికార్డులో తెలుస్తుంది, లేకపోతే స్లైడు మళ్లీ చూడాలి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు, సరిచేసిన రిపోర్టు సంతకంతో తీసుకో. నీ అంతట నువ్వు పెన్నుతో 28 అని దిద్దవద్దు. కాగితం మీద పేరు, వయసు, తేదీ కాకవేనా అన్నదీ చూడు. లెక్కలు కలిసినంత మాత్రాన శాంపిల్ ఆయనదేనని రుజువు కాదు.

మిగతా లెక్కలు పొసిగాయి:

```
33.5 ÷ 4.9 × 10 = 68.4
212 − 38 − (190 ÷ 5) = 136
```

మొదటిది ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం; పీసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. రెండోది ఎల్‌డీఎల్; మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తే వస్తుంది.

ఇక నీ అసలు ప్రశ్న. మగవాళ్లకు హిమోగ్లోబిన్ 13 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. కాకకు 11.2 ఉంది. ఎంసీవీ 68 అంటే కణాలు చిన్నవిగా ఉన్నాయి. ఇనుము లోపంలో ఇలా కనిపిస్తుంది, పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణంలోనూ కనిపిస్తుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేస్తే చాలావరకు తేలుతుంది. వయసు వల్ల అని వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఈ వయసు మగవాడికి ఇనుము తగ్గిందంటే ఎక్కడ పోతోందో వెతకాలి. కడుపులోనో పేగుల్లోనో కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉండవచ్చు, బయటికి ఏమీ కనిపించకపోవచ్చు కూడా. ఆయాసానికి గుండె, ఊపిరితిత్తులూ కారణం కావచ్చు, వాటినీ చూడమను. మలం నల్లగా వస్తోందా, ఆకలి తగ్గిందా, మోకాళ్ల నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని వేసుకుంటున్నాడా, ఇవన్నీ ఇంట్లో మెల్లగా అడిగి డాక్టరుకు చెప్పు. ఆ మాత్రలతోనూ కడుపులో పుండు పడుతుంది. ఇనుము మాత్రలు మీరే మొదలుపెట్టవద్దు, ఫెరిటిన్ చూడకముందే వాడితే కారణం మరుగున పడుతుంది.

షుగర్ 108, హెచ్‌బీఏ1సీ 6.4 మధుమేహానికి ముందు దశలోకి వస్తాయి. ఇనుము తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపవచ్చు, రక్తం కుదురుకున్నాక మళ్లీ చేయించాలి. కొలెస్ట్రాల్ సంగతి డాక్టరు చూస్తారు, అది అంత తొందర కాదు.

కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అన్నా, మలంలో రక్తం కనిపించినా గురువారం దాకా ఆగవద్దు. ఇంట్లో పాత రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లు. అందులో ఎంసీవీ మామూలుగా ఉంటే ఇది ఈ మధ్య వచ్చిన మార్పని వాళ్లకు తెలుస్తుంది.