దివ్యా, సార్ మెసేజ్‌లు నేనిలా చదివాను

విశాఖ తీరం కోత మీద నీ థీసిస్ చాప్టర్ చదివి గైడ్ సార్ రాత్రి పెట్టినవి, నువ్వు ఫార్వర్డ్ చేసినవి ముందు వరసగా పెడుతున్నాను. విడివిడిగా చూస్తే భయంగా ఉంటాయి, ఒకచోట చూస్తే వేరేలా కనిపిస్తాయి.

11.38 – చాప్టర్ 4 చూశాను.
11.39 – టేబుల్ 4.3. ఎర్రర్ ఎక్కడ?
11.39 – టైడ్?
11.44 – హుద్‌హుద్ ఒక్కటేనా కారణం? హార్బర్ మాటేమిటి
11.46 – ఇంట్రో 14 పేజీలు. అక్కర్లేదు.
11.47 – ఫిగర్ 4.7 బాగుంది. స్కేల్ బార్ లేదు.
11.47 – రిఫరెన్సులు ఒక పద్ధతిలో లేవు.
11.52 – శుక్రవారం మాట్లాడదాం.

సార్‌కి కోపం వచ్చిందని రాశావు. నాకలా అనిపించలేదు. ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేశాను కదా, కోపం వస్తే అసలు మెసేజ్ పెట్టరు, డిపార్ట్‌మెంట్‌కి రమ్మంటారు. ఫిగర్ 4.7 నీ చాప్టర్ చివర్లో ఉంది. అంటే రాత్రి పన్నెండు కావస్తున్నా ఆఖరి పేజీ దాకా చదివారు. 'బాగుంది' అని ఆయన రాయడం నా థీసిస్ మొత్తంలో రెండుసార్లే చూశాను. టైడ్ మెసేజ్‌కీ హార్బర్ మెసేజ్‌కీ మధ్య ఐదు నిమిషాల ఖాళీ చూడు. అక్కడ ఆగి ఆలోచించారు. ఆ ప్రశ్న నిన్ను తప్పు పట్టడానికి వేసింది కాదు, ఆయనకే జవాబు కావాలి.

ఇక పని. రిఫరెన్సులు, స్కేల్ బార్ ఇప్పుడు ముట్టుకోకు. అవి ఒక పూట పని, మనసు బాగోనప్పుడు చేతులు వాటి మీదికే పోతాయి. ముందు టేబుల్ 4.3. ఎందుకంటే దాని మీదే నీ చాప్టర్ నిలబడి ఉంది.

ఆర్కే బీచ్ దగ్గర తీరం ఏడాదికి 0.9 మీటర్లు కోసుకుపోతోందని రాశావు. 1990, 2020 ల్యాండ్‌శాట్ చిత్రాలు రెండే తీసుకున్నావు. పిక్సెల్ 30 మీటర్లు. ఒక్కో చిత్రంలో తీరరేఖ ఒక పిక్సెల్ అటో ఇటో అనుకుంటే:

√(30² + 30²) ≈ 42 m
42 ÷ 30 ≈ 1.4 m/yr

ఏడాదికి 1.4 మీటర్ల పొరపాటుకి అవకాశం ఉన్నచోట 0.9 కోత అని ఎలా చెప్పగలం? సార్ రెండు మాటల్లో అడిగింది ఇదే. దీనితో నీ పని పోయినట్టు కాదు. మధ్య ఏళ్ల చిత్రాలు కూడా తీసుకుని లీనియర్ రిగ్రెషన్ వెయ్యి, తీరానికి అడ్డంగా గీసిన ప్రతి ట్రాన్సెక్ట్‌కీ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇవ్వు. కొన్నిచోట్ల కోత నిలబడుతుంది, కొన్నిచోట్ల తేలదు. తేలనిచోట తేలలేదనే రాయి.

టైడ్ కూడా ఇందులో భాగమే. ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ ఉదయం పది ప్రాంతంలోనే పైనుంచి వెళ్లినా పోటూ పాటూ ఆ టైంకి కుదరవు. బీచ్ వాలు ఇరవైకి ఒకటి అనుకుంటే, నీటిమట్టం ఒక మీటరు తేడా వస్తే తడి గీత ఇరవై మీటర్లు జరుగుతుంది. ప్రతి చిత్రానికీ ఆ గంట టైడ్ ఎత్తు పక్కన ఒక కాలమ్‌లో రాసుకో. వీలైనంతవరకు ఒకే సీజన్ చిత్రాలు తీసుకో. వానాకాలంలో మన బీచ్ ఎలా సన్నబడుతుందో చూస్తూనే ఉన్నాం.

హార్బర్ ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న తీరం దాటింది, అది ఒక్కరోజు దెబ్బ. ఇసుక మాత్రం మన తీరం వెంబడి ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ కదులుతుంది. డాల్ఫిన్స్ నోస్ పక్కన ఔటర్ హార్బర్ గోడలు అడ్డుగా ఉన్నాయి, ఆర్కే బీచ్ వాటికి ఉత్తరాన ఉంది. పైగా డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకని తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. అలా పోసిన తర్వాత తీసిన చిత్రం నీ దగ్గరుంటే కోత తక్కువగా కనిపిస్తుంది. ఇది డిస్కషన్‌లో ఒక సెక్షన్ అవుతుంది, కానీ శుక్రవారానికి పూర్తి చేయాలని చూడకు. ఒక పేరా రఫ్‌గా ఉంటే చాలు.

ఇంట్రో గురించి బాధపడకు. ప్రపంచంలోని తీరాలన్నిటి గురించి రాసిన ఆరు పేజీలు వేరే ఫైల్‌లోకి కాపీ చేసి దాచుకో, ఇక్కడ తీసెయ్.

'ఓకే సార్' అని మాత్రం పంపకు. రేపు ఉదయం ఇది పంపు:

'నమస్తే సార్. కామెంట్లకు థాంక్స్. టేబుల్ 4.3లో రెండు చిత్రాల మధ్య ఎర్రర్ ఏడాదికి 1.4 మీటర్ల దాకా వస్తోంది, నేను చూపిన రేటు అందులోనే ఉంది. మధ్య ఏళ్ల చిత్రాలు కలిపి, టైడ్ ఎత్తులతో మళ్లీ చేస్తున్నాను. శుక్రవారానికి పది ట్రాన్సెక్టుల ఫలితం తెస్తాను. హార్బర్ గురించి ఒక పేరా తెస్తాను, దాన్ని 4వ చాప్టర్‌లో పెట్టాలా, 5లోనా అన్నది మీరు చెప్పాలి.'

చివరి ప్రశ్న తీసెయ్యకు. సార్‌కి జవాబివ్వడానికి ఒక సులువైన ప్రశ్న ఉండాలి.

ఈ రాత్రి ల్యాప్‌టాప్ మూసి పడుకో. టైడ్ టేబుల్స్ నా పాత హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. రేపు పదకొండింటికి లైబ్రరీ మెట్ల దగ్గరికి తెస్తాను, మొదటి రెండు ట్రాన్సెక్టులు కూర్చుని కలిసి చేద్దాం.

– సుజాత అక్క